నూట యాభై దగ్గర ఆగిన యంత్రం

జగిత్యాలలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠం చెప్పడం నాకు అది మొదటి ఏడాది. రోజూ కోరుట్ల నుంచి బస్సులో వచ్చేదాన్ని. మూడో సంవత్సరం పిల్లలకు ఇంటర్నల్ పరీక్షలో లెక్క ఒకటి ఇచ్చాను. రెండు జనరేటర్లు కలిసి మూడు వందల మెగావాట్లు ఇవ్వాలి, ఖర్చు అతి తక్కువ కావాలంటే ఏది ఎంత ఇవ్వాలి? అదనంగా ఒక్క మెగావాట్ తీస్తే గంటకు పెరిగే ఖర్చు మొదటిదానికి 1500 రూపాయలకు దాని లోడుకు, అంటే అది ఇస్తున్న మెగావాట్లకు, పది రెట్లు కలిపితే వచ్చేంత. రెండోదానికి 2000కు దాని లోడుకు పది రెట్లు కలపాలి. మొదటిది నూట యాభైకి మించి ఇవ్వదు, రెండోది రెండు వందలు దాటదు.

క్లాసంతా 175, 125 అని రాసింది. రెండుచోట్లా 3250 వస్తుంది, సమానం. పెరిగే ఖర్చు రెండింటికీ సమానమైనప్పుడే మొత్తం ఖర్చు అతి తక్కువ అన్నది పాఠంలోని సూత్రం. నేను తయారుచేసుకున్న జవాబూ అదే. ఒక్క అమ్మాయి మాత్రం 150, 150 అని రాసింది. మొదటిదానికి 3000, రెండోదానికి 3500. సమానం కాలేదని రెండు మార్కులే వేశాను.

పేపర్లు ఇచ్చిన రోజు మధ్యాహ్నం ఆ అమ్మాయి స్టాఫ్ రూంకు వచ్చింది. వాళ్లది సిరిసిల్ల, తండ్రి సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు.

"మేడం, నూట డెబ్బై అయిదు ఎట్ల ఇస్తది? నూట యాభై దాటదని మీరే ఇచ్చిన్రు గద."

"రెండూ సమానం కావాలి కదమ్మా?"

"రెండింటికీ జాగ ఉంటె సమానమైతది మేడం. మొదటిది నిండిపోయింది. ఇంక మిగిలింది రెండోదే ఇయ్యాలె. మొదటిదాన్ని పది తగ్గిచ్చి, రెండోదాన్ని పది పెంచి చూడుండ్రి."

కాగితం తీసి చేశాను. మొదటిదానిలో 29,500 మిగిలితే, రెండోదానిలో 35,500 పెరిగింది. గంటకు ఆరు వేలు నష్టం. చవకదాన్ని పూర్తిగా వాడి, మిగతాది ఖరీదుదానితో తీయడమే సరి. తర్వాతి మెగావాట్ రెండోదాని నుంచే వస్తుంది కాబట్టి, ఇక ఖర్చు దాని 3500 లెక్కనే.

ప్రశ్నపత్రంలో పరిమితి రాసింది నేనే, జవాబులో మరిచిందీ నేనే.

మా శాఖాధిపతితో చెప్పాను. "ఆమెకు మార్కులు కలుపుండ్రి, క్లాసుల చెప్పకుండ్రి. పిల్లలు లైట్ తీసుకుంటరు," అన్నారు.

మార్కులు కలిపాను. మరునాడు క్లాసులోనూ చెప్పాను.

"నా జవాబు తప్పు. మీ అందరికీ మార్కులు అలాగే ఉంటాయి, పొరపాటు నాది. కానీ లెక్క మళ్లీ చేద్దాం."

వెనక బెంచీ నుంచి ఒక కుర్రాడు అడిగాడు. "మరి సమానం ఎప్పటిదాంక నడుస్తది మేడం?"

మొత్తం లోడు రెండు వందలైతే 125, 75. రెండింటికీ 2750. రెండు వందల యాభైకి 150, 100, అప్పుడూ 3000, 3000. అక్కడ మొదటిది ఆగిపోతుంది. ఆపైన పెరిగేదంతా రెండోదానిదే. బోర్డు మీద ఒకటొకటే రాస్తుంటే, ఆ అమ్మాయి తల వంచుకుని మిగతావాళ్లలాగే రాసుకుంటోంది.

పిల్లలెవరూ నన్ను తేలిగ్గా తీసుకోలేదు. నోట్సులో తప్పులు వెతికి తెచ్చి చూపించడం మాత్రం మొదలుపెట్టారు. వాటిలో సగం నిజమైన తప్పులే.