టీషర్టు మీది అక్షరాలు

ఏడో తరగతిలో పుస్తకం మూసేసిన నాకు అక్షరాలు అచ్చేసే పనే దొరికింది. తిరుపతిలో మాది టీషర్టుల ప్రింటింగ్ షాపు. యాత్రికులకు టీషర్టులు అమ్ముకునే ఒక అంగడాయన ఆర్డరిస్తే, నెట్‌లో ఉచితంగా దొరికిన వంపుల అక్షరాల ఫాంటు పెట్టాను. ఆయన మురిసిపోయాడు. అచ్చు మొదలుపెట్టబోతుంటే నా భార్య ఆ ఫాంటుతో వచ్చిన లైసెన్సు చదివి ఆపించింది.

"సొంతానికి వాడుకుంటేనే ఉచితమంట. అమ్మే సరుకు మీదేయాలంటే లైసెన్సు కొనాల."

లైసెన్సు కొందామని ఆ ఫాంటు తయారుచేసినాయనకు మెయిలు పెడితే జవాబు లేదు. ఆర్డరు చేజారేలా ఉంది. చివరికి నా భార్యే వ్యాపారానికీ అనుమతి ఉన్న మరో ఫాంటు వెతికి, దాని లైసెన్సూ చదివాకే అచ్చేయనిచ్చింది. ముందటి వంపులు లేవని అంగడాయన మొహం ముడుచుకునే తీసుకెళ్లాడు.

"ఆ ఫాంటు చేసినోడు యాడుండాడో! మన టీషర్టు సూసేదానికి ఈడికొస్తాడా?" అని గొణిగాను.

"తిరుపతికి రానోళ్లు ఎవురుండారు సామీ? దర్శనం చేసుకోని బయటికొస్తానే, మొదట ఆ టీషర్టే కొంటాడు," అంది.