నీటి పొదుపు గురించి నేను రాసిన ఉత్తరం

కేతేపల్లి దగ్గర మా ఊళ్లో కూరగాయల రైతుల సంఘానికి నన్ను సెక్రటరీని చేశారు. తెలంగాణ వచ్చిన కొత్తలో సంగతి ఇది. నా దస్తూరి బాగుంటుందని ఎన్నుకున్నామన్నారు. ఇంకెవరూ ఒప్పుకోలేదన్న సంగతి ఆ తర్వాత తెలిసింది.

సంఘానికి ఉన్నది ఒకే బోరు. దాని పక్కనే వరసకు మామ అయ్యే ఒకాయన మడి, చిట్టచివర మా చిన్నమ్మ మడి. ఎండాకాలం నీళ్లు మామ దగ్గర జోరుగా మొదలై, చిన్నమ్మ వంతు వచ్చేసరికి బోరు ఆగి ఆగి పోసేది. వరసగా రెండేళ్లు ఆమె టమాట పూత మీదే ఎండిపోయింది. “ఈసారి గూడ గిట్లనే అయితే మడి ఇడిసిపెట్టి కూలికి పోత బిడ్డా” అంది. చిన్నాయన పోయాక ఆమెకున్న ఆధారం ఆ మడి ఒక్కటే. ఆ మాటకు నాకు చాలా బాధేసింది.

ఆ రోజుల్లోనే సబ్సిడీ మీద డ్రిప్పు గానీ స్ప్రింక్లర్లు గానీ తీసుకోవచ్చని కబురొచ్చింది. మోటరు ఒకటే కాబట్టి అందరికీ ఒకే రకం కావాలి. సభ్యులంతా స్ప్రింక్లర్ల వైపే. నల్గొండలో ఎవరో అది తిరుగుతుంటే చూసి వచ్చి, “అచ్చం వాన లెక్కనే పడుతాంది” అని ఊరంతా చెప్పారు. జన్మంతా వాన కోసం మొగులు చూసినవాళ్లు, స్విచ్చి వేస్తే కురిసే వానను చూసి మనసు పారేసుకోరా మరి!

నేను కలం పట్టాను. “గౌరవ సభ్యులకు” అని మొదలుపెట్టి పెద్ద ఉత్తరమే రాశాను. స్ప్రింక్లరు తిరగాలంటే నీటికి తోపు, అంటే ప్రెషరు, ఉండాలి, మన బోరుకు అంత సత్తువ లేదు. పైకి చిమ్మిన నీళ్లలో కొన్ని గాలికే పోతాయి. ఆకులు తడిస్తే టమాటకు మచ్చ తెగులు. డ్రిప్పు నీళ్లు చుక్కలుగా మొక్క మొదట్లోనే పడతాయి, చివరి మడికీ అందుతాయి, సాళ్ల మధ్య పొడిగా ఉంటుంది గనుక కలుపు తక్కువ. కష్టాలు కూడా దాచలేదు. మన నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఫిల్టరు కడుగుతూ ఉండకపోతే పైపుల రంధ్రాలు మూసుకుపోతాయి. ఎరువు కోసం గొర్ల మంద పెట్టించే ముందు పైపులు చుట్టి పక్కన పెట్టాలి. చివర్లో నాకెంతో నచ్చిన వాక్యం: “కావున సభ్యులందరూ నీటి పొదుపునకు సహకరించగలరని మనవి.”

కూరగాయలు తూకం వేసే రేకుల షెడ్డులో మీటింగు పెట్టి నేనే చదివాను. చదవడం అయిపోగానే మొదట లేచింది చిన్నమ్మ.

“పొదుపా? మల్లనా? మా ఆడోళ్ల సంఘంల కడుతున్న పొదుపు సాలదా? నాకొచ్చేదే గిన్నన్ని నీళ్లు, గవి గూడ పొదుపుల కడితే నేనేం పారిచ్చుకోవాలె? వద్దు బిడ్డా, వాన లెక్క పడేదే పెట్టుండ్రి.”

ఎవరి కోసం ఆ ఉత్తరం రాశానో ఆమే దానికి అడ్డం తిరిగింది. మామ మాత్రం హుషారుగా ఉన్నాడు. “నీళ్లు మిగులుతయంటే మంచిదే గద అల్లుడా. గా మిగిలినయి పెట్టి నేను ఇంకింత జాగల బెండ ఏస్త.”

నాకు ఒళ్లు మండింది. “మిగిలినవి నీకు కాదు మామా, చిన్నమ్మకు! చిన్నమ్మా, నువ్వు కట్టుడు కాదు, మామ పొదుపు చేస్తే నీకొస్తయి!” అన్నాను.

మామ “గట్లనా సంగతి!” అని స్ప్రింక్లర్ల వైపు దూకాడు. చిన్నమ్మ ముఖం చిన్నబోయింది. “ఒకల నీళ్లు నాకెందుకు బిడ్డా” అని కొంగు సర్దుకుని కూర్చుంది. ఒక్క వాక్యంతో ఇద్దర్నీ పోగొట్టుకున్న సెక్రటరీ మా చుట్టుపక్కల ఇంకొకడు ఉండడు.

అప్పుడు మామ భార్య నోరు విప్పింది. “గా కలుపు ముచ్చట ఇంకోపారి సదువు అల్లుడా.” చదివాను. ఆమె మొగుడి వైపు తిరిగి, “వాన పడితే మొలిసే గడ్డి నువ్వు పీకుతవా?” అంది. మామ రేకుల కప్పు వైపు చూశాడు. కలుపు తీసే ఆడవాళ్ల చేతులన్నీ డ్రిప్పుకే లేచాయి, లెక్కలో వాళ్లే ఎక్కువ. చిన్నమ్మ చేయి మాత్రం ఒళ్లోనే ఉంది. నా తోపు, తెగులు, పొదుపు ఏవీ గెలవలేదు. గెలిచింది గడ్డి.

డ్రిప్పు పెట్టిన ఆ ఎండాకాలం చిన్నమ్మ టమాట పూత నిలిచి కాయ పట్టింది. చూద్దామని వెళ్లాను. ఆమె మొక్క మొదట్లో మట్టి గీకి, తడి చూపించి, ముఖమంతా వెలిగిపోతూ చెప్పింది:

“ఈయేడు మన బోరుల ఊట పెరిగింది కొడుకా!”

అది ఊట కాదు, పొదుపు అని చెప్పబోయాను. మీటింగులో ఆమె కొంగు సర్దుకున్న తీరు గుర్తొచ్చింది.

“అవును చిన్నమ్మా, మస్తు పెరిగింది” అన్నాను.