జారిపోయిన వరుస

ఇనుప కడ్డీల గోదాములో ఆమెను అందరూ లెక్కలక్క అనేవారు. మొండిమనిషి. పద్దు కుదిరేదాకా అన్నం ముట్టేది కాదు. కుదిరాక మాత్రం ఎవరి డబ్బాలో కూర బాగుంటే ఆ డబ్బా ఖాళీ. అక్కడ యజమాని తిట్లు, చెంపదెబ్బలు మామూలే. ఆమెకూ అవి అలవాటైపోయాయి. అలా అలవాటు పడినందుకు తర్వాత తనను తానే తిట్టుకుంది.

ఆ రోజు పన్ను ఆఫీసు నుంచి తిరిగొచ్చేసరికి క్యాషియరు నేల మీద ఉన్నాడు. పెదవి చిట్లి చొక్కా నిండా నెత్తురు. యజమాని తమ్ముడు అతని చేతిని బూటుతో తొక్కిపట్టాడు. యజమాని చేతిలో కడ్డీ ముక్క. హమాలీలు గోడకు అతుక్కుపోయారు.

"నాలుగు లక్షలు మింగాడు! బ్యాంకులో కట్టానని మన పద్దులో రాశాడు. స్టేట్‌మెంట్లో ఆ జమే లేదు," అన్నాడు తమ్ముడు.

"కట్టానక్కా! రసీదు ఈ చిన్నయ్యగారికే ఇచ్చా, ఎక్కడో పారేసి..."

కడ్డీ దిగింది. మణికట్టు ఎముక పుటుక్కుమంది. ఆమె క్యాషియరు మీదికి వంగి అడ్డుపడింది. రెండో దెబ్బ ఆమె భుజం మీద పడింది. కళ్లు బైర్లు కమ్మాయి.

"నన్ను తర్వాత చంపుదురు గానీ, ముందు ఆ లెక్క చూపించండి," అంది పళ్లు బిగించి.

బ్యాంకు పంపిన ఫైలును తమ్ముడు అంతకుముందే ఒక సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్ పట్టికలోకి ఎక్కించి, పద్దుతో జత చూశాడు. క్యాషియరు రాసిన జమ ఒక్కటే జత లేకుండా మిగిలింది. ఆమె ఒంటి చేత్తో తెర మీద నిల్వల నిలువు వరుస వెంట కిందికి దిగింది. పై నిల్వకు జమ కలిపి, ఖర్చు తీసేస్తే కింది నిల్వ రావాలి. ఒకచోట రాలేదు. నిల్వ నాలుగు లక్షలు ఎక్కువగా ఉంది, దాన్ని అంత పెంచిన జమ మాత్రం లేదు.

"ఇక్కడో వరుస ఎగిరిపోయింది. అసలు ఫైలు తియ్యి."

తీశాడు. పేజీ అట్టడుగున ఉంది ఆ జమ. అదే తేదీ, అదే మొత్తం. సాఫ్ట్‌వేర్ దాన్ని వదిలేసింది.

"నిల్వలు కుదిరాయో లేదో చూసుకోవద్దా నాయనా, మనిషిని కొట్టే ముందు?"

యజమాని తెర వైపు వంగి ఆ అంకె చూశాడు. ఆ పైన కడ్డీ తమ్ముడి దవడ మీదికి లేచింది. అన్నదమ్ములిద్దరూ కలబడి దొర్లారు. కంప్యూటర్ నేలకూలి పగిలింది. ఆమె విడదీయలేదు. ఒక హమాలీ సాయంతో క్యాషియరును ఆసుపత్రికి చేర్చి, పోలీసులకు చూసింది చూసినట్టు చెప్పింది.

యజమాని భార్య ఫోన్ చేసింది. "మా ఇంటి గొడవ అనుకో అక్కా, వదిలెయ్యి."

"మీ ఇంటి గొడవైతే వాడి చెయ్యెందుకు విరిగింది?"

ఆమె ఉద్యోగం ఊడింది. ఇప్పుడొక మందుల షాపులో పద్దులు రాస్తోంది. క్యాషియరు మణికట్టు సరిగ్గా అతకలేదు. ఎడమ చేత్తో రాయడం నేర్చుకుంటున్నాడు. కేసు నడుస్తోంది. వాయిదా ఉన్న ప్రతిసారీ ఆమె సెలవు పెట్టి మరీ వెళ్తుంది. కోర్టు వరండాలో యజమాని ఎదురుపడితే తల తిప్పుకునేది ఆమె కాదు.