దొంగ మాటలో ‘నేను’ ఎవరు?

నల్లగండ్ల లింగమూర్తికి పాములంటే భయం లేదు, దయ్యాలంటే భయం లేదు, అత్తగారంటే కూడా పెద్ద భయం లేదు. భయమల్లా ఇంగ్లీషంటేనే. పదో తరగతిలో రెండుసార్లు ఆ ఒక్క పరీక్షే ఆయన్ను బోర్లా పడేసింది. అందుకే, లింగంపల్లి దారిలో ఉన్న పంపుల కంపెనీలో పదకొండేళ్లుగా స్టోర్సు అటెండరుగానే ఉండిపోయాడు. బీరువా తాళం తీయడం, ఫైలు అందించడం, చాయ్ తేవడం, ‘ఏయ్’ అని పిలిస్తే పరుగెత్తడం. తప్పు చేసిన మనిషి కాదు, తప్పు చేస్తానేమోనని సదా భయపడే మనిషి. అలాంటివాడి నెత్తినే ఎప్పుడూ పిడుగు పడుతుంది, ఏం చేస్తాం!

డెబ్బై నాలుగులో కంపెనీవాళ్లు ఒక నోటీసు అంటించారు. అటెండర్లకు శాఖా పరీక్ష పెడతారట, నెగ్గినవాళ్లను గుమాస్తాలుగా తీసుకుంటారట. అందులో ఇంగ్లీషు పేపరు ఉంది. లింగమూర్తి మనకెందుకులే అనుకున్నాడు. అయినా భార్య సక్కుబాయి ఊరుకోలేదు. “ఎన్నొద్దులు చాయ్ గిలాసలు మోస్తవయ్యా? జర కుర్సీ మీద కూసోవా?” అని పోరు పెట్టింది. కంపెనీ క్వార్టర్లలో తన కొడుకు దగ్గర ఉంటున్న రిటైర్డు హెడ్మాస్టరు రామబ్రహ్మం గారి దగ్గర సాయంత్రం పాఠాలకు చేరాడు.

గోదావరి జిల్లా మనిషి రామబ్రహ్మం గారు. చెప్పే పాఠం చక్కెర పాకం, ఇచ్చే కాగితం మాత్రం ఇనప్పెట్టె. ఆయన దగ్గర టైపు కొట్టిన అభ్యాసాల కాగితం ఒకటుంది. ఇరవై వాక్యాలు. సగం కర్తరి నుంచి కర్మణికి మార్చాలి, మిగిలిన సగంలో ఒకరన్న మాటను మన మాటగా మార్చి చెప్పాలి. “ఒక్కటే కాపీ అండి. ఇంటికిచ్చానంటే దానిమీద కూరలు పెట్టుకుంటారు,” అని కరాఖండిగా అనేశారు. అప్పుడు లింగమూర్తికి ఒక ఉపాయం తట్టింది. లింగంపల్లి స్టేషను దగ్గర ఫోటో స్టూడియో సాయిలును తీసుకొచ్చి, ఆ కాగితాన్ని గోడకు పెట్టించి ఫోటో తీయించాడు. అరచేయంత ఫోటో. అక్షరాలు చీమల బారులా ఉన్నా చదవడానికి వీలుగానే వచ్చాయి. పెళ్లినాడు దిగిన ఫోటో తరువాత ఆ ఇంట్లోకి వచ్చిన రెండో ఫోటో అదే. సక్కుబాయి దాన్ని బియ్యం డబ్బా మీద, ఎలుకలకందకుండా పెట్టింది.

ఇంట్లో ఫోటో చూసి ప్రశ్నలు బట్టీ పట్టేవాడు. స్టోర్సులో పని లేనప్పుడు పాత గేటు పాసుల వెనకవైపున జవాబులు మాత్రం రాసుకునేవాడు. ఒక్కో చీటీ మీద కష్టమనిపించినవి మూడేసి. ప్రశ్న రాయడం ఎందుకు, కాగితం దండగ అనుకున్నాడు. అదే ఆయన కొంప ముంచింది.

ఒక సోమవారం పొద్దున స్టోర్సు తలుపు తాళం పగిలి ఉంది. ఇత్తడి వాల్వుల పెట్టె ఒకటి మాయం. సెక్యూరిటీ ఆఫీసరు రామ్మోహనరావు గారు వచ్చి గది గదంతా తిరగేయించారు. లింగమూర్తి స్టూలు కింద గేటు పాసు చీటీ ఒకటి దొరికింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివారు. మళ్లీ చదివారు. తరువాత తలెత్తి లింగమూర్తి వంక చూశారు.

“ఇది నీ చేతిరాతేనా?”

“నాదే సార్.”

“చదువు.”

లింగమూర్తి చదివాడు. చదువుతుంటే తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది. మొదటిది, ద లాక్ హాజ్ బీన్ బ్రోకెన్ బై మి. తాళం నాచేత పగలగొట్టబడింది. రెండోది, ద మాస్టర్ విల్ నాట్ బి టోల్డ్ బై ఎనీవన్. యజమానికి ఎవరిచేతా చెప్పబడదు. మూడోది, ద థీఫ్ సెడ్ దట్ ఐ హాడ్ హిడెన్ ద బాక్స్ ఇన్ ద వెల్ ద ప్రీవియస్ డే. పెట్టెను ముందురోజు నేను బావిలో దాచానని దొంగ చెప్పాడు.

“అంటే ఇద్దరున్నారన్నమాట,” అన్నారు రామ్మోహనరావు గారు మెల్లగా. “ఒకడు దొంగ. ఇంగ్లీషులో ఈ ‘ఐ’ అంటే రాసినవాడే, కాబట్టి పెట్టె దాచింది నువ్వు. మీకు బావి ఉందా?”

ఉందని చెప్పాలా, లేదని చెప్పాలా? ఉంది మరి! నల్లగండ్లలో తాత తవ్వించిన బావి, అరెకరం చెలక భూమి. లింగమూర్తి తల ఊగింది. ఆ ఊపుతోనే ఇద్దరు గార్డులు గాలాలు, తాళ్లు పట్టుకుని జీపెక్కారు.

అప్పుడు పట్టుకుంది చూడండి భయం! నౌకరీ పోతుంది. పోతే పోనీ, పోలీసులొస్తారు. ఊరందరి ముందూ చేతులకు బేడీలు వేసి నడిపిస్తారు. ‘దొంగ లింగడు’ అంటారు. కూతురికి ఏడేళ్లు, రేపు బడిలో దాన్ని కూడా అదే పేరుతో పిలుస్తారు.  దాహమేస్తోంది గానీ నీళ్లడగడానికి కూడా భయమే, అడిగితే తప్పు ఒప్పుకున్నట్టు అనుకుంటారేమోనని.

“సార్, అవి జవాబులు సార్! ఇంగ్లీషు పరీక్షకు రాసుకున్న. ప్రశ్నలు ఇంట్ల ఫోటోల ఉన్నయ్ సార్!” అన్నాడు చివరికి.

“ప్రశ్నలు ఫోటోలో ఉంటాయా? నన్ను పిచ్చివాణ్ణి అనుకుంటున్నావా?” అన్నారాయన. అయినా న్యాయమున్న మనిషే. క్యాంటీను రామన్నను సైకిలు మీద పంపించారు. పోయేముందు లింగమూర్తి రామన్నకు చెప్పిన మాట ఒక్కటే, “నా ఫోటో తెమ్మను.”

రామన్న పోయి ఆ మాట పొల్లు పోకుండా అప్పజెప్పాడు. “వదినా, అన్న ‘నా ఫోటో తెమ్మను’ అన్నడు. జల్ది నడువ్, ఆఫీసర్లు కూసున్నరు.”

అప్పటికే బావిలో గాలాలు పడుతున్నాయి. గట్టు మీద ఊరు ఊరంతా చేరింది. సక్కుబాయికి మతి ఎక్కడుంటుంది? పోలీసులు దొంగల ఫోటోలు గోడకు అంటిస్తారని ఎప్పుడో విని ఉంది. మొగుడి ఫోటో అడిగారంటే ఇక అంతేననుకుని, గోడకున్న పెళ్లి ఫోటో ఫ్రేముతో సహా ఊడబెరికి, ఏడ్చుకుంటూ కంపెనీ గేటుకొచ్చి పడింది.

రామ్మోహనరావు గారు ఫ్రేము అందుకున్నారు. బాసికాలు కట్టుకుని, కళ్లు పెద్దవి చేసుకుని చూస్తున్న లింగమూర్తి అందులో ఉన్నాడు. “ఇవేనా నీ ప్రశ్నలు?” అన్నారు.

నవ్వొచ్చే ముచ్చటే, కానీ ఆ గదిలో ఎవరికీ నవ్వు రాలేదు. “గిదేందే! ఇంగ్లీషు అచ్చరాల ఫోటో గావాలె, బియ్యం డబ్బా మీదిది!” అని లింగమూర్తి దాదాపు అరిచాడు.

“నీ ఫోటో అన్నవంటగా! నాకేం ఎరుక!” అని సక్కుబాయి కొంగు నోట్లో కుక్కుకుంది. మళ్లీ వెనక్కి. అటు రెండు మైళ్లు, ఇటు రెండు మైళ్లు.

ఈలోగా వాంగ్మూలం తీసుకోమన్నారు. టైపిస్టు బుల్లిబాబు మిషను ముందు కూర్చున్నాడు. కాకినాడలో బీయే చదివిన కుర్రవాడు, జుట్టు మీదున్న శ్రద్ధ పని మీద ఉండదు. లింగమూర్తి తెలుగులో చెబుతుంటే అతను ఇంగ్లీషులో టకటకా కొట్టుకుంటూ పోయాడు. “తాళం నేను పగలగొట్టలే సార్. అది పాఠంల వాక్యం. పెట్టె నేను దాసిన అని దొంగ అన్నడు, కాగితంల దొంగ సార్, నేను గాదు.” చెప్పిందే నాలుగుసార్లు చెప్పాడు. 

బావికి పోయిన గార్డులు ముందు వచ్చారు. తుప్పు పట్టిన బొక్కెన, పగిలిన బిందె తప్ప ఏమీ దొరకలేదన్నారు. ఆ వెనకే సక్కుబాయి వచ్చింది. కాళ్లకు చెప్పులు లేవు, చేతిలో ఫోటో మాత్రం ఉంది.

రామ్మోహనరావు గారు భూతద్దం తెప్పించుకున్నారు. నాలుగో నంబరు, ‘ఐ హావ్ బ్రోకెన్ ద లాక్.’ చీటీతో సరిపోయింది. తొమ్మిదో నంబరు, ‘నోబడీ విల్ టెల్ ద మాస్టర్.’ సరిపోయింది. ఆయన ముఖం కొంచెం సడలింది. లింగమూర్తి ఊపిరి పీల్చుకోబోయాడు.

“పదిహేడు,” అన్నారాయన. “ద థీఫ్ సెడ్, ఐ హిడ్ ద బాక్స్ ఇన్ ద వెల్ యెస్టర్డే. దీనికి జవాబులో ‘హీ’ రావాలి కదయ్యా. దొంగ తనే దాచానన్నాడు. నువ్వు ‘ఐ’ అని ఎందుకు రాశావు? నిన్నటిని ముందురోజుగా మార్చడం తెలిసినవాడివి, ఇది మార్చడం తెలియదా?”

మళ్లీ మొదటికొచ్చింది.  కానీ భయానికి కూడా ఒక అడుగు ఉంటుంది, అది తగిలాక మనిషి ఏదో ఒకటి మాట్లాడతాడు.

“సార్, మన తెలుగుల గట్లనే అంటం గద సార్. వాడు ‘నేనొస్త’ అన్నడు అంటం. ‘అని’ ముంగట ‘నేను’ ‘నేను’ లెక్కనే ఉంటది. ఇందాక రామన్న సుత నా మాట గట్లనే చెప్పిండు, ‘నా ఫోటో’ అంటే ఆమె నా ఫోటోనే తెచ్చింది, రామన్నది గాదు. ఇంగ్లీషుల మార్చాల్నని పంతులు రోజు తిడ్తడు సార్. మరిచిపోత. తప్పే. కానీ దొంగతనం గాదు సార్.”

రామ్మోహనరావు గారు చీటీ మడిచి పక్కన పెట్టారు. పెళ్లి ఫోటో వంక చూశారు, అక్షరాల ఫోటో వంక చూశారు. “సరే,” అన్నారు. “ఆ వాంగ్మూలం మీద సంతకం చేసి వెళ్లు. రేపు డ్యూటీకి రా.”

బుల్లిబాబు కాగితం ముందుకు తోశాడు. “ఇక్కడ పెట్టు, త్వరగా.”

పదకొండేళ్లలో లింగమూర్తి ఎన్ని ఇంగ్లీషు కాగితాల మీద సంతకాలు పెట్టాడో! ఒక్కటీ చదివి ఎరుగడు. ఇప్పుడూ అలాగే కలం అందుకున్నాడు. కానీ కళ్లు వాటంతటవే మధ్య వరుస మీద పడ్డాయి. లింగమూర్తి స్టేటెడ్ దట్ ద థీఫ్ సెడ్ దట్ ఐ హాడ్ హిడెన్ ద బాక్స్.

కింద సంతకం చేయాల్సింది తను. పైన ‘ఐ’.  సంతకం పెట్టి ఇంటికి పోయి, బువ్వ తిని పడుకునేవాడే. ఏ ఆర్నెల్లకో మరో ఆఫీసరు ఫైలు తెరిస్తే, తన చేతులతో తనే రాసిచ్చినట్టు అయ్యేది!

“సార్,” అన్నాడు.  “ఈడ సుత ‘హీ’ ఉండాలె సార్.”

రామ్మోహనరావు గారు కాగితం లాక్కుని చదివారు. బుల్లిబాబు చెవులు ఎర్రబడ్డాయి. “టైపు తప్పండి,” అన్నాడు.

బీయే చదివినవాడు కొడితే టైపు తప్పు, అటెండరు రాస్తే బావిలో గాలాలు! లింగమూర్తి ఆ మాట పైకి అనలేదు, అనే ధైర్యం లేదు. కలం మాత్రం బల్ల మీద పెట్టేసి నిలబడ్డాడు. ఆఫీసరు గారే ‘ఐ’ కొట్టేసి ‘హీ’ రాశారు, పక్కన పొట్టి సంతకం గీశారు. చివర సొంత చేత్తో ఒక వాక్యం చేర్చారు. అది కూడా అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాకే లింగమూర్తి సంతకం చేశాడు.

గేటు దాటాక సైకిళ్ల షెడ్డు దగ్గర కూలబడ్డాడు. సక్కుబాయి పక్కన కూర్చుని కొంగుతో ముఖం తుడిచింది.

“ఏం రాసిండ్రయ్యా ఆఖరుకు?”

“తప్పు చెయ్యబడిందని రాసిండ్రు.”

“ఎవరు చేసిండ్రట?”

“గది రాయలే,” అన్నాడు లింగమూర్తి.