మెంతుల సీసా పక్కన పెట్టిన గింజలు

మా అత్త గొంతులో ఏదో అడ్డం పడిందన్న మాట నాకు మొదట మోసుకొచ్చింది మా వీధి ఆరోగ్య కార్యకర్త ఆశా అక్క. ఎర్రగుంట్లలో మా చర్చిలో ఆడవాళ్ల ఉదయ ప్రార్థన ఇంకా ముగియలేదు. గుమ్మంలో నిలబడి, "జల్దీ రా పాపా, మీ అత్త ఉమ్ము గూడా మింగలేకుండాది" అంది.

పరుగెత్తాను. అత్త మంచం మీద ముందుకు వంగి కూర్చుంది. నోట్లోంచి కారే చొంగను కొంగుతో పట్టుకుంటోంది. నన్ను చూడగానే రొమ్ము మధ్య వేలు పెట్టి చూపించింది.

"ఈడ నిలిచినాయి. నీ గింజలే."

నా గింజలే. విరేచనం సాఫీగా అవుతుందని చియా గింజలు తెచ్చి, మెంతుల సీసా పక్కన పెట్టింది నేనే. అత్తకు రోజూ పొద్దున చెంచాడు మెంతులు నోట్లో వేసుకుని, చెంబెడు నీళ్లతో మింగే అలవాటు. "ఇవీ అట్లే అత్తా" అన్నాను. ఆ పొద్దున ఆమె అట్లే చేసింది.

సంగటి ముద్ద మింగితే తోసుకుపోతుందేమోనని గిన్నె అందుకున్నాను. ఆశా అక్క నా చేయి పట్టి ఆపింది.

"ముద్దా వద్దు, నీళ్లూ వద్దు. మాట్లాడతాంది, గాలి ఆడతాంది. ఉమ్మే దిగడంల్యా. కడపకు పోదాం పా."

పక్కింటివాళ్ల కారులో బయలుదేరాం. నాన్న ఇంట్లో కీర్తనలతోనే నాకు అక్షరాలు నేర్పాడు. ఆ దారిలో ఒక్క కీర్తనా గుర్తు రాలేదు. ప్రతి కుదుపుకీ "ప్రభువా, ఊపిరి" అని మాత్రం అనుకున్నాను. అత్త నా మోచేయి గిల్లింది.

"ఏడిస్తే దిగుతాయా? పొయ్యి ఆర్పినావా లేదా?"

ఆర్పానో లేదో కూడా తెలియదు.

ఆసుపత్రిలో కెమెరా గొట్టం నోట్లోంచి దింపి, జిగురుముద్దను తీశారు. ఈ గింజలు తమ బరువుకు ఎన్నో రెట్లు నీళ్లు తాగి ఉబ్బుతాయనీ, పొడిగా మింగి నీళ్లు తాగితే దారిలోనే ముద్ద కట్టవచ్చనీ డాక్టరమ్మ చెప్పింది. పెరుగులోనో జావలోనో కాసిని కలుపుకుంటే చాలామందికి ఏమీ కాదట. అత్తకు మాత్రం అన్నవాహిక ఇరుకై ఉంది. కొన్ని నెలలుగా రొట్టె గొంతు కింద నిలుస్తోందని ఆమె అంటూనే ఉంది; "నమిలి తినత్తా" అని నేను తేలిగ్గా తీసేశాను. ఇక ఆమెకు చియా అయినా మెంతులైనా బాగా నానబెట్టే ఇవ్వమన్నారు.

ఇప్పుడు చియా గింజల్లో బాగా నీళ్లు పోసి, అరగంట నానబెడతాను. మధ్యలో ఒకసారి కలుపుతాను, ఉండ కట్టకుండా. అత్త చెంచాతో ఎత్తి చూస్తుంది.

"ఉబ్బినాయా, లేక ఇంగోసారి కడప చూపిస్తావా?"

ఆ మాట వినగలుగుతున్నందుకు దేవునికి స్తోత్రం. నేను ముద్ద అందుకున్నప్పుడు నా చేయి పట్టి ఆపిన ఆశా అక్కను, ఇది చదివినవాళ్లు మీ ప్రార్థనలో ఒక్కసారి తలచుకోండి.