మూల గడిలో ఆరు

రూఫస్ ఒకచోట కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు అనకాపల్లిలో ఎవరూ లేరు. ట్యూషన్ సెంటర్లో లెక్కలు నడుస్తూ చెబుతాడు. మా వారపత్రిక ఆఫీసుకొస్తే నా కంప్యూటర్ చుట్టూ తిరుగుతాడు. సుడోకు అందరికీ పిచ్చి పట్టించిన రోజుల్లో, ఇంటర్నెట్ సెంటర్లో హిటోరి అనే జపాను అంకెల ఆట చూసొచ్చి మా పేపర్లో అది వెయ్యమని ప్రాణం తీశాడు.

గళ్ల నిండా అంకెలుంటాయి. అడ్డం, నిలువు ఏ వరసలోనూ ఒకే అంకె రెండోసారి మిగలకుండా కొన్ని గళ్లు నల్ల చెయ్యాలి. నల్ల గళ్లు పక్కపక్కన ఉండకూడదు. తెల్లవాటిలో ఏ గడీ విడిపోకూడదు, అన్నీ ఒకదానికొకటి ఆనుకుని దారి ఉండాలి. అంతే.

ఎడిటర్ త్రినాధరావు గారు ఒప్పుకున్నారుగానీ బెదిరించి మరీ ఒప్పుకున్నారు. "తప్పని ఒక్కరొచ్చినా ఆ జాగా జ్యోతిషానికి ఇచ్చేత్తాను."

ఒక ఆదివారం పేపరు బయటికి వెళ్లిపోయాక, కశింకోట ఆటోలో తను కట్టిన ఆ వారం హిటోరి మళ్లీ చూసుకుంటూ రూఫస్ అదిరిపడ్డాడట. దిగి, ఎదురొచ్చిన ఆటో ఎక్కి నా దగ్గరికి వచ్చిపడ్డాడు.

"తాతబ్బాయ్ బావా, కొంపమునిగింది! పైవరసలో మూలనున్న ఆరుకి పక్క గడీ నలుపే, కింద గడీ నలుపే. మూల తెగిపోయింది. వరసలు సూసేను, నలుపులు సూసేను, దారి సూడలేదు!"

ఇంక వాడికి నిద్ర లేదు, నాకు ప్రశాంతత లేదు. పొద్దున్నా సాయంత్రం వచ్చి, "ఎవరైనా వచ్చేరా?" అనేవాడు. మొదట్లో ఎవరూ రాలేదంటే ఊపిరి పీల్చుకునేవాడు. తర్వాత ఆ జవాబుకే మొహం మాడిపోవడం మొదలైంది.

"అంటే ఎవరూ సెయ్యట్లేదన్నమాటే కదా బావా?"

నేను వేళాకోళమాడాను. అలా ఆడకుండా ఉండాల్సింది.

శనివారం రూఫస్ నా దగ్గరుండగానే ఒకావిడ పేపరు మడతపెట్టి పట్టుకుని గుమ్మంలోంచే గొడవకు దిగింది. పేరు ఆరోగ్యమేరి, ఆసుపత్రిలో నర్సు.

"ఏటండీ ఇది? వారం నుంచి సేత్తన్నాను. ఆరు పక్కనున్న ఈ నాలుగు నలుపు సెయ్యకపోతే వరసలో రెండు నాలుగులు. అవతలి నాలుగు పక్కన నలుపు ఉంది, దాన్ని ముట్టుకోకూడదు. సరే, ఇదే నలుపు సేసేను. ఆరు కిందున్న రెండు అంకెకీ ఇదే గొడవ. ఈ రెండు గళ్లూ నలుపు సేత్తే మూల ఆరు ఒంటరైపోతంది!"

ఎడిటర్ గారు ఆఫీసులో లేరు. ఆవిడకి నచ్చజెప్పి పంపెయ్యమని నేను రూఫస్‌కి సైగ చేశాను. ఎవరికీ తెలిసేది కాదు. వాడు నా వైపే చూడలేదు. ఆవిడ చేతిలో పేపరు తీసుకుని, చెరిపి చెరిపి చిరిగిపోయిన ఆ గళ్ల మీద వేలు ఆడిస్తూనే సెల్‌ఫోన్ తీశాడు.

"సార్! కంప్లైంటొచ్చింది సార్! నిజమే, తప్పు నాదే."

అటునుంచి ఆయన కేకలు నాకు కూడా వినబడుతున్నాయి.

"ఇచ్చెయ్యండి సార్, జ్యోతిషానికే ఇచ్చెయ్యండి," అన్నాడు రూఫస్. "సేసినోళ్లు ఒకరున్నారు సార్. ఒకరున్నారు!"