ఆరింట ఒకటి

నా కుడిచేతి బొటనవేలికి పట్టిన కానాగంత చేప వాసన మూడు రోజులు పోలేదు. నిమ్మచెక్క రుద్దాను, బట్టల సబ్బు రుద్దాను, ఆఖరికి మా నాన్న గడ్డం గీసుకున్నాక రాసుకునే లోషను కూడా పోశాను. లోషను కలిసిన కుళ్ళు చేప ఎలా ఉంటుందో తెలిసిన కొద్దిమందిలో నేనొకణ్ణి. ఈ అర్హతని రెజ్యూమెలో మాత్రం రాసుకోలేదు.

అప్పుడు మేం ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. మా కాలేజీలో స్టార్టప్ పోటీ పెట్టారు. టీముకి మూడు నిమిషాలు. రెండున్నర నిమిషాలకి ఒక చిన్న గంట, మూడుకి పెద్ద గంట, ఆ వెంటనే మైకు కట్. తర్వాత రెండు నిమిషాలు జడ్జీల ప్రశ్నలు. గెలిచిన టీముకి కాలేజీ వర్క్‌షాపులో తమ వస్తువు పది నమూనాలు చేసుకునేందుకు సామాను, మనిషి సాయం. మాకు కావలసింది సరిగ్గా ఆ పదే.

మా టీములో ఇద్దరం. నా క్లాస్‌మేట్ ఒకమ్మాయి, నేను. వాళ్ళమ్మ నర్సీపట్నం మార్కెట్లో చేపలమ్ముతుంది. సముద్రం ఒడ్డునున్న ఊరి నుంచి తెల్లారకుండా షేరాటోలో, ఇంకో తొమ్మిదిమంది ఆడవాళ్ళతో కలిసి వస్తుంది, మొత్తం పది బేసిన్లు. బేసిన్లో చేపలు, చేపల మీద కాస్త మంచు. ఎండెక్కేసరికి మంచు నీళ్ళవుతుంది, చేపలు ఆ నీళ్ళలో నానుతాయి, మధ్యాహ్నానికి కొన్ని మెత్తబడిపోతాయి. అందుకని మేమొక పెట్టె చేశాం. రెండు గోడలు, మధ్యలో థర్మకోల్; లోపల అడుగున చిల్లుల పళ్ళెం, దాని కింద నీళ్ళు బయటికి పోయే గొట్టం. మంచు నిదానంగా కరుగుతుంది, కరిగింది కరిగినట్టు పోతుంది, చేప నీళ్ళలో నానదు. మేం చేశాం అనడం మర్యాదకి. పెట్టె ఆ అమ్మాయి చేసింది. నేను దానికి పేరు పెట్టాను. ఆ పేరు ఎవరికీ నచ్చలేదు.

మమ్మల్ని తయారుచెయ్యమని ఒక సార్‌కి అప్పగించారు. ఆయన ఎక్కడో ఒకరోజు వర్క్‌షాపుకి వెళ్ళొచ్చి, ఆ సర్టిఫికెట్‌ని లామినేషన్ చేయించుకున్నవారు.

"హుక్ ఉండాలయ్యా. మొదటి ఇరవై సెకన్లలో పట్టెయ్యాలి," అన్నారు.

"హుక్ అంటే గాలమే కదండి సార్. మరి ఎర కూడా కావాలి," అంది ఆ అమ్మాయి.

సార్ నవ్వలేదు. డైరీ తీసి ఆ మాట రాసుకున్నారు. పోటీరోజు స్వాగతోపన్యాసంలో అది ఆయన సొంత మాటగా విన్నాం.

"తర్వాత, ఒకే ఒక్క అంకె. ఇంటికెళ్ళాక కూడా మర్చిపోకూడదు. మీ అమ్మగారి చేపలు ఎన్ని పాడైపోతాయమ్మా?"

"ఆరింట ఒకటండి."

"అదేటమ్మా, మరీ అంత నీరసంగానా? సగం అను. సగం అంటే హాలు అదిరిపోద్ది."

"సగం కాదు కదండి."

"ఎవడు లెక్కెడతాడమ్మా?"

"నేను లెక్కెట్టానండి."

నిజంగానే పెట్టింది. మార్కెట్లో ఇరవయ్యొక్క రోజులు. వాళ్ళమ్మ పొద్దున ఎన్ని తెచ్చిందో, మధ్యాహ్నం ఎన్ని పక్కన పడేసిందో, చుక్కల అట్ట నోట్‌బుక్కులో రాసుకుంది. ప్రతి వరస చివరా లెక్కపెట్టిన మనిషిగా తన పేరు పెట్టింది. చేపని బొటనవేలితో నొక్కాలి, నొక్కిన గుంట వెంటనే పూడితే మంచిది. మొప్ప తీసి చూడాలి, ఎర్రగా ఉండాలి. కన్ను లోపలికి పోకూడదు. ఈ మూడూ నాకు నేర్పడానికి ప్రయత్నించి, నా ముఖకవళికలు చూసి మానేసింది.

పోటీకి ముందురోజు నాతో అంది: "స్టేజీ మీద నువ్వే మాట్లాడు. మైకు సూస్తే నాకు గొంతు ఆరిపోద్ది. ఏ జోకులైనా ఎయ్యి, నేనేటీ అనను. అంకె మాత్రం నాదే సెప్పాల. అది మాయమ్మ సరుకు."

"అదెంత పని," అన్నాను. ఆరో తరగతి నుంచీ మా చర్చిలో ప్రతి క్రిస్మస్ కార్యక్రమానికి మైకు పట్టుకుంటున్నవాణ్ణి. నాకు మాట ఇవ్వడమంటే మైకు టెస్టింగ్ అంత సులువు.

మా హుక్ ఇదీ: పొద్దున ఆరింటికి వాళ్ళమ్మ ఒకే వలలో పడ్డ రెండు కానాగంతలు ఏరి ఇచ్చింది. ఒకటి మా పెట్టెలో మంచు మధ్య. రెండోది స్టీలు క్యాన్లో, బేసిన్లో వేసినట్టే నాలుగు మంచు ముక్కలతో. పదకొండింటికి మా వంతు. స్టేజీ మీద రెండూ తెరిచి, రెండింటినీ నొక్కి చూపించాలి. క్యాన్‌లోది కొంచెం మెత్తబడి ఉంటుంది, పెట్టెలోది గట్టిగా ఉంటుంది. తేడా కళ్ళ ముందుంటుంది.

ముఖ్య అతిథిగారు ఒంటిగంటన్నరకి వచ్చారు. దీపం వెలిగించారు. శాలువాలు కప్పారు. భోజనాలు చేశారు. సామాన్లు లోపలికి తేవద్దన్నారని మా క్యాన్, మా పెట్టె వరండాలో మార్చి నెల ఎండలో కూర్చున్నాయి.

"ఒకసారి సూసొస్తాను," అంది ఆ అమ్మాయి, మధ్యాహ్నం రెండు గంటలకి.

"వద్దు. ఎంత ఆలస్యమైతే హుక్ అంత బలం," అన్నాను. ఆ రోజు నేను చెప్పినవాటిలో నిజమైన మాట బహుశా అదొక్కటే.

మూడున్నరకి పిలిచారు. ఏసీ సెమినార్ హాలు, తలుపులన్నీ బిగించి ఉన్నాయి. నేను మైకు పట్టుకుని, "ఈ చేప నిన్న రాత్రి సముద్రంలో ఈదుతోంది," అని క్యాన్ మూత తీశాను.

హాల్లోకి ముందు వాసన వచ్చింది. తర్వాత దానికి సంబంధించిన చేప కనిపించింది. బూడిదరంగు నీళ్ళలో తేలుతోంది. కన్ను ఉండాల్సిన చోట తెల్లటి జిగురు. అనుకున్న ప్రకారం నొక్కి చూపించాలి కాబట్టి నొక్కాను. బొటనవేలు లోపలికి వెళ్ళింది. తిరిగి రావడానికి కాస్త సమయం తీసుకుంది. ముందు వరసలో ముఖ్య అతిథిగారు మధ్యాహ్నం కప్పించుకున్న శాలువాని ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. శాలువా ఒకరికి పనికిరావడం నేను మొదటిసారి చూశాను. వెనకెవరో "ఛీ, మూసేయ్ రా బాబూ!" అని అరిచారు. మూశాను. క్యాన్ మూతపడింది గానీ వాసన ఏసీలో చేరి అందరికీ సమానంగా అందుతోంది.

నలభై సెకన్లు పోయాయి. ఒక్కడూ నా మాట వినడం లేదు, అందరూ ముక్కులతో పనిలో ఉన్నారు. వాళ్ళని మళ్ళీ నావైపు తిప్పుకోవడానికి ఏదో ఒకటి కావాలి. చేతిలో ఉన్నది ఆరింట ఒకటి. అప్పుడు అది నాకు కూడా నీరసంగానే కనిపించింది.

"మన నర్సీపట్నం మార్కెట్లో చేపల్లో సగం... సగమండీ! ఇలాగే కుళ్ళి చెత్తకుప్పలోకి పోతున్నాయి!"

తలలు లేచాయి. ముక్కుల మీది చేతులు తీసి చప్పట్లు కొట్టారు. సార్ మూలనుంచి బొటనవేలు పైకెత్తి చూపించారు. ఆయన బొటనవేలు శుభ్రంగా ఉంది. నాకు ఆ చప్పట్లు ఎంత రుచించాయో చెప్పాలంటే ఇప్పటికీ నోరు కడుక్కోవాలనిపిస్తుంది. సగం అన్నమాట ఇంకో రెండుసార్లు అన్నాను, ఒకసారి ఆ అమ్మాయి వాళ్ళమ్మ చేపల గురించే. పక్కకి చూస్తే ఆ అమ్మాయి పెట్టె మూత మీద చెయ్యి వేసి నిలబడి ఉంది, నేను సైగ చేస్తే తెరుద్దామని. నా వైపు చూడటం లేదు. చిన్న గంట మోగింది, నేను ఆగలేదు. పెద్ద గంట మోగింది, మైకు పోయింది. పెట్టె తెరవనేలేదు.

ప్రశ్నల సమయం, మైకు మళ్ళీ వచ్చింది. జడ్జీల్లో ఒకావిడ బ్యాంకు మేనేజరు. కర్చీఫ్ ముక్కు మీద నుంచి తియ్యకుండానే అడిగారు.

"ఆ చేపలమ్మే ఆవిడ ఎన్నాళ్ళనుంచి అమ్ముతోంది బాబూ?"

"పద్నాలుగేళ్ళ నుంచి మేడమ్."

"రోజూ తెచ్చినదాంట్లో సగం పారేస్తూ, పద్నాలుగేళ్ళా?"

నేను నవ్వాను. సాధారణంగా నవ్వితే పనులు జరిగిపోతుంటాయి.

"సగం పారేసేదైతే రెండోవారమే మానేసి ఇంట్లో కూర్చునేది కదా. ఎక్కడిదీ అంకె?"

"అంటే మేడమ్, సుమారుగా..."

మైకు చూస్తే గొంతు ఆరిపోయే అమ్మాయి నా చేతిలోంచి మైకు లాక్కుంది. "ఆరింట ఒకటండి. ఇరవయ్యొక్క రోజులు నేను లెక్కెట్టాను. పుస్తకం ఉంది."

మేడమ్ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. "ఒకే టీము, రెండు అంకెలు. ఎవర్ని నమ్మమంటారమ్మా?"

ఆ అమ్మాయి పెట్టె మూత ఎత్తబోయింది. ముందు వరస మొత్తం "వద్దు వద్దు!" అంది. ఒక చేప చేసిన పనికి రెండోదాన్ని ఎవరూ నమ్మలేదు. గంట కొట్టారు.

గెలిచింది ఒక యాప్. విద్యార్థుల్లో తొంభై శాతం మందికి అవసరమన్నారు. ఆ అంకె ఎక్కడిదని ఎవరూ అడగలేదు. దానికి వాసన లేదు. బయటికొస్తుంటే సార్ నా భుజం తట్టి, "సగం బానే పేలిందయ్యా. వాసనే దెబ్బకొట్టింది," అన్నారు. ఆ రోజు నా ఒంటికి అంటినవాటిలో ఆ మెచ్చుకోలే అన్నిటికంటే జిడ్డుగా ఉంది.

వరండాలో ఆ అమ్మాయి పెట్టె తెరిచింది. తొమ్మిదిన్నర గంటలు దాటినా అడుగున ఇంకా మంచు ముక్కలున్నాయి. మొప్ప ఎర్రగా ఉంది. వేలితో నొక్కింది, గుంట వెంటనే పూడిపోయింది.

"సూడు," అంది.

"సారీ."

"హుక్ బానే తగిలింది. నీ నోటికే."

ఆదివారం చర్చి నుంచి అట్నుంచటే, తెల్లచొక్కాతో, మార్కెట్‌కి వెళ్ళాను. క్షమాపణ కూడా జోకు కలిపి రెండు వాక్యాల్లో తయారుచేసుకున్నాను. ఆ అమ్మాయి పక్కనే నోట్‌బుక్కుతో కూర్చుని ఉంది. వాళ్ళమ్మ నన్ను చూస్తూనే పక్క బేసిన్ల వాళ్ళకి వినిపించేలా అంది:

"ఇదుగో, సగం బాబొచ్చాడు!"

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"మీ కాలేజీ కేంటీనామె నాకాడ వారానికి రెండుపాలి కొనీది. మొన్న రానేదు. 'నీ చేపలు సగం కుళ్ళేనంట కదా, మైకులో సెప్పారు' అని కబురెట్టింది. నానేటి పాపం సేశాను నాయినా నీకు?"

తయారుచేసుకున్న రెండు వాక్యాలూ గొంతులోనే మెత్తబడ్డాయి. "తప్పు నాది పిన్నీ," అన్నాను. అందులో జోకు లేదు.

"తప్పూ ఒప్పూ తరవాత. కూకో. పొద్దున అరవై తెచ్చాను. అమ్మినియ్యి పోగా ఇయ్యి. పనికిరానియ్యి ఏరు. బేగి."

తెల్లచొక్కా చేతులు మడిచి కూర్చున్నాను. ఒక్కొక్కటీ నొక్కాను, మొప్ప తీశాను, కన్ను చూశాను. మెత్తబడినవి పక్కన పెట్టాను. ఈగలు వాలాయి.

"ఎన్ని?"

"పది."

"అరవైకి పదంటే?"

"ఆరింట ఒకటి."

"ఇనపడనేదు. మైకులో సెప్పినట్టు సెప్పు."

లేచి నిలబడ్డాను. మైకు లేకుండా మాట్లాడటం నాకు అలవాటు లేదు. "ఆరింట ఒకటి!" అని అరిచాను. కోడిమాంసం కొట్టువాడు కత్తి ఆపి చూశాడు. చప్పట్లు ఎవరూ కొట్టలేదు.

ఆ అమ్మాయి నోట్‌బుక్కులో కొత్త వరస గీసి, ఇరవై రెండో రోజు, తెచ్చినవి అరవై, పోయినవి పది అని రాసింది. లెక్కపెట్టిన మనిషి పేరు దగ్గర తన పేరూ రాయలేదు, నా పేరూ రాయలేదు; ఖాళీగా వదిలేసింది.